రోజూ రాసుకునే చెక్-ఇన్ పనిచేస్తోందా? వారానికో స్కోరుతో, నెలకో లెక్కతో తేల్చుకునే పద్ధతి

సంక్షిప్తంగా: రోజూ రాత్రి ఐదు నిమిషాలు కూర్చుని "ఇవాళ మనసు ఎలా ఉంది" అని రాసుకునే అలవాటు మేలు చేస్తోందా లేదా అన్నది ఆ రాతల్లోంచి తేలదు. దానికి వేరే కొలత కావాలి. వారానికి ఒకసారి ఐదు ప్రశ్నల స్కోరు, నెలకొకసారి ఆ స్కోర్ల మధ్యగతం, మధ్యలో ఒక నెల విరామం ఉంటే మామూలు మనిషి కూడా ఈ సంగతి తేల్చుకోవచ్చు. చెక్-ఇన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో కనిపించే మెరుగుదలలో ఎక్కువ భాగం చెక్-ఇన్ వల్ల వచ్చింది కాకపోవచ్చు.

బెంగళూరులో ఈ అలవాటు ఇప్పుడు రెండు దారుల్లో మనుషుల దగ్గరికి వస్తోంది. ఒకటి ఆఫీసు దారి: పొద్దున లాగిన్ కాగానే "ఇవాళ ఎలా ఉన్నారు" అని అడిగే యాప్. రెండోది సొంతంగా పెట్టుకునేది: పడుకునే ముందు నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు. రెండింటి గురించీ వినిపించే మాట ఒకటే, "చేస్తే బాగుంటుంది". నిజంగా బాగుంటోందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే మాత్రం "అనిపిస్తుంది కదా" అన్న జవాబే వస్తుంది. చిక్కంతా ఆ అనిపించడంలోనే ఉంది.

## మొదటి నెల మెరుగుదలను ఎందుకు నమ్మకూడదు

ఎవరైనా ఇలాంటి అలవాటు ఎప్పుడు మొదలుపెడతారు? అంతా సాఫీగా సాగే వారంలో కాదు. నిద్ర పట్టక, మేనేజర్‌తో మాటామాటా పెరిగి, ఇంట్లో వాళ్లతో ఫోన్‌లో కూడా చిరాకు పడిన వారంలో "ఇక ఏదో ఒకటి చేయాలి" అనుకుని మొదలుపెడతారు. అంటే తొలి కొలత మామూలు కన్నా అడుగున పడుతుంది. అడుగున ఉన్నది ఆ తర్వాత సాధారణంగా పైకే వస్తుంది. మందు వేసుకున్నా, వేసుకోకపోయినా.

ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తులను పిల్లల ఎత్తులతో పోల్చి చూపించింది ఈ సంగతే. బాగా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్లంత పొడవు ఉండరు, బాగా పొట్టివాళ్ల పిల్లలు వాళ్లంత పొట్టిగా ఉండరు. ఒక కొలత చాలా పైనో చాలా కిందనో వచ్చిందంటే అందులో అసలు స్థాయితో పాటు ఆనాటి అదృష్టమో దురదృష్టమో కొంత కలిసి ఉంటుంది. రెండోసారి కొలిచేటప్పుడు ఆ కలిసిన భాగం అలాగే ఉండదు. గణాంక శాస్త్రంలో దీన్ని సగటు వైపు మళ్లడం అంటారు.

చెక్-ఇన్ మొదలుపెట్టిన రెండో వారానికే మనసు కుదుటపడిందంటే, దానికి ఈ వివరణ కూడా సరిపోతుంది. రెండు కారణాలూ ఒకే ఫలితాన్ని చూపిస్తున్నప్పుడు వాటిని విడదీయడానికి ఒకటే మార్గం: చెక్-ఇన్ లేని కొన్ని వారాల స్కోర్లు ముందే చేతిలో ఉండటం. దాన్నే బేస్‌లైన్ అంటారు. నాలుగు వారాలైనా ఉండాలి. ఇబ్బందిలో ఉన్న మనిషిని నెల రోజులు ఆగమనడం కష్టమే. ఆగలేని వారికి తర్వాత వచ్చే విరామ నెలే ఆ పని చేస్తుంది.

## స్కోరు ఎక్కడి నుంచి రావాలి

చాలామంది చేసే పని, రోజూ చెక్-ఇన్‌లోనే పదికి ఎన్ని మార్కులో వేసుకుని వారాంతంలో కూడటం. చూడ్డానికి సులువుగా ఉంటుంది కానీ ఇందులో ఒక దోషం ఉంది. చెక్-ఇన్ చేసిన రోజులకే మార్కులు ఉంటాయి, చేయని రోజులకు ఉండవు. విరామ నెలలో అసలు కొలతే ఉండదు. పైగా, "ఈ అలవాటు మంచిది" అనుకుంటూ రాసే చేయి అదే కూర్చోవడంలో మార్కు కూడా వేస్తుంది. పరీక్ష రాసిన పిల్లాడి చేతికే పేపరు దిద్దమని ఇచ్చినట్టు ఉంటుంది వ్యవహారం.

అందుకే స్కోరు వేరుగా ఉండాలి, వారానికి ఒకసారే ఉండాలి, చెక్-ఇన్ నడుస్తున్నా ఆగినా అదే రోజు అదే వేళకు వేయాలి. రోజు ఎంచుకోవడంలో ఒక జాగ్రత్త అవసరం. ఆదివారం రాత్రి వేస్తే రేపటి సోమవారం టెన్షన్ అందులోకి వస్తుంది. శుక్రవారం సాయంత్రం వేస్తే సెలవుల హుషారు వస్తుంది. ఏ రోజైనా పర్లేదు, మార్చకుండా ఉంటే చాలు. ఒక వారం శుక్రవారం, ఇంకో వారం ఆదివారం వేస్తే రోజుల తేడాను చెక్-ఇన్ తేడాగా చదువుకోవాల్సి వస్తుంది.

ప్రశ్నలు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ ప్రాంతీయ కార్యాలయం వెలువరించిన WHO-5 అనే ఐదు ప్రశ్నల పట్టీ ఉంది. ఉల్లాసంగా ఉన్నారా, ప్రశాంతంగా ఉన్నారా, చురుగ్గా ఉన్నారా, నిద్రలేచేటప్పుడు తాజాగా అనిపించిందా, రోజులో ఆసక్తి కలిగించే పనులు ఉన్నాయా అన్నవి స్థూలంగా ఆ ఐదు. ఒక్కో దానికి "ఎప్పుడూ లేదు" అంటే 0 నుంచి "అన్ని వేళలా" అంటే 5 వరకు. మొత్తం 25. దాన్ని 4తో గుణిస్తే 100కు స్కోరు. వందలో 10 పాయింట్ల మార్పు వస్తే దాన్ని లెక్కలోకి తీసుకోదగ్గ మార్పుగా చూస్తారు. 50 లేదా అంతకు తక్కువ వస్తే డిప్రెషన్ కోసం మరింత పరిశీలన మంచిదని సూచన.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ పట్టీ అడిగేది గడచిన రెండు వారాల గురించి. దాన్ని ప్రతి వారమూ నింపితే పక్కపక్క స్కోర్లలో ఒక వారం ఉమ్మడిగా ఉంటుంది. ఒక చెడ్డ వారం రెండు స్కోర్లను కిందికి లాగుతుంది, ఒక మంచి వారం రెండింటిని పైకి లేపుతుంది. గీత గీస్తే లేని ట్రెండ్ ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి వారం వారం కొలవాలనుకుంటే ప్రశ్నను "గడచిన ఏడు రోజుల్లో" అని మార్చుకోవాలి. అలా మార్చాక అది సొంత స్కోరు అవుతుంది. తన పాత స్కోరుతో తన కొత్త స్కోరును పోల్చుకోవడానికి పనికొస్తుంది. 50 అనే గీతను దానికి నేరుగా తగిలించకూడదు. ఆ గీత కావాలంటే నెలకొకసారి అసలు రెండు వారాల పద్ధతిలో నింపి చూసుకోవచ్చు.

## ఇరవై వారాల లెక్క

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లిలో పీజీలో ఉంటున్న ఒకమ్మాయి, అవుటర్ రింగ్ రోడ్డు మీది ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. ఆమె చెక్-ఇన్ చిన్నది: రాత్రి పదింటికి నోట్‌బుక్ తీసి ఇవాళ మనసు ఎలా ఉంది, ఏది బరువుగా అనిపించింది, రేపు చేయగలిగిన ఒక్క పని ఏమిటి అన్న మూడు లైన్లు. వారం స్కోరు శనివారం ఉదయం, టిఫిన్ తర్వాత, 25కు.

మొదటి నాలుగు వారాలు చెక్-ఇన్ లేదు, స్కోరు మాత్రమే. వచ్చినవి 9, 13, 11, 12.

ఈ నాలుగు అంకెల్లోనే ఒక పాఠం ఉంది. మొదటి వారం 9, రెండో వారం 13. మధ్యలో ఆమె ఏమీ చేయలేదు. ఆ 9 వచ్చిన శనివారమే నోట్‌బుక్ తీసి ఉంటే, నాలుగు పాయింట్ల పెరుగుదల అంతా నోట్‌బుక్ ఖాతాలో పడేది. స్నేహితురాళ్లకు కూడా చెప్పి ఉండేది. ఏమీ చేయకపోయినా వారానికి నాలుగు పాయింట్ల ఊపు ఈమె స్కోరులో మామూలే అని తెలియడం బేస్‌లైన్ ఇచ్చిన మొదటి లాభం.

ఐదో వారం నుంచి చెక్-ఇన్ మొదలు. తొలి నెల 12, 14, 12, 13. రెండో నెల 15, 8, 14, 13. ఆ 8 వచ్చిన వారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ పడింది, రెండు రాత్రులు ఆఫీసులోనే తెల్లారింది. మూడో నెల, అంటే 13వ వారం నుంచి 16వ వారం వరకు, ముందే అనుకున్నట్టు చెక్-ఇన్ ఆపింది: 12, 13, 11, 12. ఆ తర్వాత మళ్లీ మొదలు: 14, 13, 15, 14.

ఈ వివరాలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు నిలువు వరుసల్లో పడతాయి: వారం సంఖ్య, చెక్-ఇన్ నడుస్తోందా లేదా, స్కోరు, ఒక చిన్న నోటు. నోటులో కథలు అక్కర్లేదు. "రిలీజ్", "జ్వరం", "ఊరికి వెళ్లాను" లాంటి ఒక్క మాట చాలు. నెలాఖరున ఆ మాటే కాపాడుతుంది.

## నెలాఖరు సమీక్షలో చూడాల్సింది

వారం వారం గ్రాఫ్ చూస్తూ కూర్చోవడం వల్ల లాభం లేదు. 12 నుంచి 14కు పెరిగితే సంబరం, మళ్లీ 12కు వస్తే నిరాశ, ఇంతే మిగులుతుంది. బేస్‌లైన్‌లోనే 9 నుంచి 13 వరకు ఊగిన స్కోరులో రెండు పాయింట్లకు అర్థం ఉండదు. అందుకే అంకె వేసి పక్కన పెట్టేసి, నెలకు ఒకసారే తెరిచి చూడాలి.

తెరిచినప్పుడు సగటు కన్నా మధ్యగతం తీసుకోవడం మంచిది. ఆమె రెండో నెల అంకెలు 15, 8, 14, 13. సగటు 12.5. వరుసలో పేర్చి మధ్య రెండింటి నడిమి విలువ తీసుకుంటే మధ్యగతం 13.5. ఒక్క రిలీజ్ వారం సగటును ఒకటిన్నర పాయింట్లు కిందికి లాగేసింది, మధ్యగతాన్ని పెద్దగా కదపలేకపోయింది. నాలుగే అంకెలు ఉన్నప్పుడు ఈ తేడా పెద్దదే.

ఈ లెక్కన బేస్‌లైన్ మధ్యగతం 11.5, తొలి నెల 12.5, రెండో నెల 13.5. మెట్లు ఎక్కినట్టే ఉంది. ఇక్కడ ఆగిపోతే "పనిచేసింది" అని తేల్చేయవచ్చు. చాలామంది ఇక్కడే ఆగుతారు కూడా.

ఆసుపత్రుల్లో నాణ్యత మెరుగుదల పనిచేసేవాళ్లు వాడే ఒక నియమం ఈ తొందరను ఆపుతుంది. పాత మధ్యగతం దగ్గర అడ్డంగా ఒక గీత గీయాలి. కొత్త అంకెలు వరుసగా ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఆ గీతకు ఒకే వైపున పడితే అప్పుడు నిజంగా ఏదో మారిందని అనుమానించాలి. కారణం సులువే. ఏమీ మారకపోతే ప్రతి అంకె గీతకు పైన పడే అవకాశమూ కింద పడే అవకాశమూ సమానం, నాణెం ఎగరేసినట్టు. వరుసగా ఆరుసార్లు బొమ్మే పడే అవకాశం 64లో ఒకటి. అంత అరుదైనది కనిపిస్తే ఊరికే జరిగింది అనలేం.

ఆమె విషయంలో 11.5 గీతకు పైన వరుసగా పడ్డవి 12, 14, 12, 13, 15. ఐదే. ఆరోది 8. నియమం దాటలేదు. ఆ వారం రిలీజ్ కదా, దాన్ని తీసేయకూడదా అన్న ప్రశ్న వస్తుంది. తీసేయకూడదు. చెడ్డ వారాలకు కారణాలు వెతికి తీసేస్తూ, మంచి వారాలకు అదే పని చేయకపోతే గీత ఎప్పుడూ పైకే పోతుంది. పండగకు ఊరెళ్లిన వారాన్ని ఎవరైనా "ఇది లెక్కలోకి రాదు" అని కొట్టేస్తారా? రిలీజ్ వారం ఉంటే ఉండనివ్వాలి, పక్కన నోటు ఉంటుంది.

ఇంకో పరిమితి కూడా చెప్పుకోవాలి. నాలుగు వారాల మీద గీసిన గీత గట్టిది కాదు. ఆ 9 బదులు ఇంకో 13 వచ్చి ఉంటే మధ్యగతం 12.5 అయ్యేది, కథ మారేది. కాబట్టి ఈ నియమం దాటితే "తేలింది" అని కాదు, దాటకపోతే "అబద్ధం" అని కాదు. విరామ నెల అవసరం ఇక్కడే పడుతుంది.

## "రాసిన వారాలు బాగున్నాయి" అన్న ఉచ్చు

విరామ నెల దాకా ఎందుకు, ఏ వారం ఎన్ని రోజులు రాశామో చూసుకుని స్కోరుతో పోల్చితే సరిపోదా అనిపిస్తుంది. ఉదాహరణలోని అమ్మాయి 15 వచ్చిన వారంలో ఏడు రోజులూ రాసింది, 8 వచ్చిన వారంలో ఒక్క రోజే. ఎక్కువ రాసిన వారం ఎక్కువ స్కోరు, తక్కువ రాసిన వారం తక్కువ స్కోరు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇది రుజువు కాదు. ఆ వారం రాయకపోవడం వల్ల స్కోరు పడిపోలేదు. రిలీజ్ వల్ల రాయడానికి తీరిక దొరకలేదు, అదే రిలీజ్ వల్ల స్కోరూ పడింది. రెండింటికీ కారణం మూడోది. మామూలు రోజుల్లోనూ ఇంతే. మనసు కాస్త తేలిగ్గా ఉన్న రాత్రి నోట్‌బుక్ తీయబుద్ధవుతుంది, బరువుగా ఉన్న రాత్రి దుప్పటి కప్పుకుని పడుకోబుద్ధవుతుంది. మంచి రోజులే చెక్-ఇన్‌ను పుట్టిస్తున్నాయి, చెక్-ఇన్ మంచి రోజులను కాదు అన్న వాదనకూ ఈ అంకెలు అంతే బలంగా సరిపోతాయి.

వెల్‌నెస్ యాప్‌లు చూపించే "రోజూ వాడేవారి స్కోరు ఎక్కువ" అన్న గ్రాఫ్‌లలో ఉండేది ఎక్కువగా ఈ ఉచ్చే. వాడకం మానేసినవాళ్లు ఎందుకు మానేశారో గ్రాఫ్ చెప్పదు.

దీంతో పాటు ఇంకో చిన్న తప్పు జరుగుతుంది. స్కోరు వేయడం మరిచిపోయిన వారానికి తర్వాత గుర్తు చేసుకుని అంకె రాయడం. గుర్తు చేసుకున్నది ఆ వారం కాదు, ఇవాళ్టి మూడ్. ఖాళీని ఖాళీగానే వదలాలి. ఖాళీలు నెలకు రెండు దాటితే ఆ నెల గురించి ఏ నిర్ణయమూ తీసుకోకపోవడం మేలు, ఎందుకంటే ఖాళీ పడేది సాధారణంగా చెడ్డ వారాల్లోనే.

## విరామ నెల ఏం చెప్పింది

చెక్-ఇన్ ఉండాలా వద్దా అన్నది ఆ వారం మూడ్ నిర్ణయించకుండా, ముందే క్యాలెండర్ నిర్ణయించినప్పుడే పోలికకు విలువ. వైద్య పరిశోధనలో ఒక్క రోగి మీదే మందు ఇచ్చి, ఆపి, మళ్లీ ఇచ్చి చూసే పద్ధతి ఉంది. ఇక్కడ చేసేదీ అదే, చిన్న ఎత్తున. ఏ నెల ఆపాలో మొదటి రోజే రాసి పెట్టుకోవాలి. "బాగానే ఉన్నాను కదా, ఇప్పుడు ఆపుదాం" అని ఆపితే మళ్లీ సగటు వైపు మళ్లడమే ఎదురవుతుంది, ఈసారి పై నుంచి కిందికి.

నెల ఎంచుకునేటప్పుడు ఊళ్ల క్యాలెండరూ చూసుకోవాలి. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు జనవరి మామూలు నెల కాదు. సంక్రాంతికి మడివాళ దగ్గర బస్సెక్కి ఊరెళ్లి నాలుగు రోజులుండి వస్తే ఆ వారం స్కోరు లేస్తుంది, వచ్చిన తర్వాతి వారం పడుతుంది. అప్రైజల్ ఫలితాలు వచ్చే నెలా అంతే. అలాంటి నెల చెక్-ఇన్ నెలలో పడినా, విరామ నెలలో పడినా పోలికను చెడగొడుతుంది. పూర్తిగా తప్పించడం కుదరకపోతే నోటు రాసి గుర్తుంచుకోవాలి.

విరామం పూర్తిగా విరామం కాకపోవచ్చు కూడా. ఇంటి నుంచి రోజూ తొమ్మిదింటికి వచ్చే "అన్నం తిన్నావా" ఫోన్ కూడా ఒక రకం చెక్-ఇనే. అది ఆపమని ఎవరూ అనరు. కాకపోతే అది రెండు రకాల నెలల్లోనూ ఒకేలా ఉండాలి. విరామ నెలలో నోట్‌బుక్ లోటు తీర్చుకోవడానికి అమ్మతో అరగంట ఎక్కువ మాట్లాడితే కొలిచేది వేరే అవుతుంది.

ఇరవై వారాల అంకెలు రెండు కుప్పలుగా విడదీయడానికి గూగుల్ షీట్స్‌లో రెండు లైన్లు చాలు. B వరుసలో ON లేదా OFF, C వరుసలో స్కోరు ఉన్నాయనుకుంటే:

```
=MEDIAN(FILTER(C2:C21, B2:B21="ON"))
=MEDIAN(FILTER(C2:C21, B2:B21="OFF"))
```

ఆమె అంకెలకు చెక్-ఇన్ ఉన్న పన్నెండు వారాల మధ్యగతం 13.5. లేని ఎనిమిది వారాలది 12. ఆపిన నెల 12కు దిగి, తిరిగి మొదలుపెట్టిన నెల 14కు ఎక్కింది. దిశ రెండుసార్లూ ఒకటే కావడం మంచి గుర్తు. మొదటి నెల పెరుగుదల ఒక్కటే ఉంటే ఈ మాట అనలేం.

తేడా ఎంత? 25కు 1.5. వందకు మారిస్తే 6. లెక్కలోకి తీసుకోదగ్గ మార్పు అనుకునే 10 కన్నా తక్కువ. నిజాయితీగా చెప్పాలంటే తీర్పు ఇది: కొంచెం మేలు చేస్తుండవచ్చు, పెద్ద మేలు మాత్రం కాదు. రోజుకు ఐదు నిమిషాల ఖర్చుకు ఆ కొంచెం చాలు అనుకుంటే కొనసాగించవచ్చు. అదే మేలు కోసం రోజుకు నలభై నిమిషాలు, నెలకు రెండు వేల రూపాయల సబ్‌స్క్రిప్షన్ అయితే లెక్క వేరు.

## ఆఫీసు చూసే స్కోరు

ఈ పద్ధతి మొత్తం ఒక షరతు మీద నిలబడింది: స్కోరు వేసిన మనిషి తప్ప దాన్ని ఇంకెవరూ చూడకూడదు. ఆఫీసు యాప్‌లో ఆ షరతు ఉండదు. మేనేజర్ డ్యాష్‌బోర్డుకు వెళ్తుందని తెలిసిన రోజు నుంచి అందరూ నాలుగో, ఐదో నొక్కుతారు. స్టాండప్ మీటింగ్‌లో "ఆల్ గుడ్" అన్నట్టే. పేర్లు లేకుండా టీమ్ సగటే చూపిస్తామన్నా, నలుగురున్న టీమ్‌లో సగటు పడిపోతే ఎవరిదో ఊహించడం కష్టం కాదు. టీమ్ స్కోరు పెంచడం మేనేజర్ టార్గెట్లలో చేరితే ఇక చెప్పనక్కర్లేదు, అంకె పెరుగుతుంది, ఆ అంకె మనసు గురించి ఏమీ చెప్పదు.

ఇలాంటి చోట ఎలా తెలుస్తుంది? అంకెల ఊపు చూడాలి. నిజమైన స్కోరు ఊగుతుంది. రిలీజ్ వారంలో పడుతుంది, పండగ వారంలో లేస్తుంది. నెలల తరబడి 4.1, 4.2, 4.1 అని గీత గీసినట్టు ఉంటే అది మర్యాద కోసం నొక్కిన జవాబు.

## చెక్-ఇన్ చెడు చేస్తుంటే

మేలు కొలిచే స్కోరే కీడునూ పట్టుకోవాలి. మనసులోని బరువు రోజూ రాయడం కొందరికి తేలిక, కొందరికి అదే పుండును రోజూ గోకడం. దీనికి గుర్తులు నోట్‌బుక్‌లోనే కనిపిస్తాయి. "ఏది బరువుగా అనిపించింది" అన్న లైనులో రెండు వారాలుగా దాదాపు అదే వాక్యం వస్తుంటుంది. ఐదు నిమిషాలు ఇరవై అవుతాయి. "రేపు చేయగలిగిన ఒక్క పని" ఖాళీగా మిగిలిపోతుంది. పడుకునే ముందు రాసేవారికి నిద్ర ప్రశ్నలో మార్కు తగ్గుతుంది. ఇవి కనిపించి, పైగా స్కోరు బేస్‌లైన్ కన్నా మూడు పాయింట్లు కింద రెండు వారాలు నిలిస్తే నెలాఖరు దాకా ఆగనక్కర్లేదు, ఆపేయడమే మంచిది.

ఉదాహరణలోని బేస్‌లైన్ 11.5ను వందకు మారిస్తే 46. ఏడు రోజుల సొంత స్కోరుకు 50 గీత వర్తించదన్నది నిజమే, అయినా ఆ అంకెను చూసీ చూడనట్టు వదలకూడదు. అసలు రెండు వారాల పద్ధతిలో ఒకసారి నింపి చూసి, అప్పుడూ 50 దాటకపోతే డాక్టరుతో మాట్లాడాలి. అది నోట్‌బుక్‌తో తేలే పని కాదు. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే స్కోర్ల కోసం చూడకుండా అప్పుడే ఫోన్ చేయాలి. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలీ-మానస్ సేవ 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. దానికి జాతీయ స్థాయి కేంద్రం బెంగళూరులోని నిమ్‌హాన్సే.

## ఐదు ప్రశ్నలను విడివిడిగా చూస్తే

మొత్తం స్కోరు 1.5 పెరిగిందనడంతో సమీక్ష అయిపోలేదు. ఆ 1.5 ఏ ప్రశ్నలోంచి వచ్చింది? చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. అసలు సంగతి తరచుగా ఇక్కడే దొరుకుతుంది.

ఆ అమ్మాయి షీటులో ఉల్లాసం, ప్రశాంతత, చురుకుదనం, ఆసక్తి అన్న నాలుగు ప్రశ్నల మార్కులు చెక్-ఇన్ ఉన్న వారాల్లోనూ లేని వారాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయనుకుందాం. "నిద్రలేచేటప్పుడు తాజాగా అనిపించిందా" అన్నది మాత్రం లేని వారాల్లో 2, ఉన్న వారాల్లో 3. పెరుగుదలలో ఎక్కువ భాగం నిద్రదే.

చెక్-ఇన్ మనసును తేలిక చేయడం వల్ల నిద్ర బాగుపడి ఉంటే ప్రశాంతత మార్కు కూడా కొంచెమైనా కదలాలి. కదల్లేదు. మరి నిద్ర ఎందుకు బాగుపడింది? రాత్రి పదింటికి ఆమె చేసే పని ఏమిటో దగ్గరగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. నోట్‌బుక్ రాయాలంటే ఫోన్ పక్కన పెట్టాలి. పీజీ గదిలో లైటు వేసుకుని కూర్చోవాలి, రాశాక లైటు తీసేసి పడుకోవడమే. చెక్-ఇన్ లేని నెలలో అదే పదింటికి మంచం మీద వాలి రీల్స్ చూస్తూ పదకొండున్నర దాకా గడిచిపోతుంది. మేలు చేసింది మూడు లైన్లు కాకపోవచ్చు, ఫోన్ పక్కన పెట్టడం కావచ్చు.

ఇది అనుమానమే, తేలింది కాదు. తేల్చడానికి ఇంకో నెల చాలు, పద్ధతి కొత్తది అక్కర్లేదు. రాత్రి పదింటికి ఫోన్‌ను టేబుల్ మీద ఛార్జింగ్‌కు పెట్టి పడుకోవడం, నోట్‌బుక్ తీయకపోవడం, స్కోరు మాత్రం ఎప్పటిలాగే శనివారం టిఫిన్ తర్వాత. B వరుసలో ON, OFF బదులు PHONE అని రాసుకోవాలి. నాలుగు వారాల తర్వాత నిద్ర ప్రశ్నలో మధ్యగతం 3 దగ్గరే నిలిస్తే ఆ మేలు నోట్‌బుక్‌ది కాదని అనుకోవచ్చు. మళ్లీ 2కు దిగితే రాయడంలోనే ఏదో ఉందని తెలుస్తుంది, అప్పుడు ఆ మూడు లైన్లలో ఏది పనిచేస్తోందో వెతకడం తర్వాతి నెల పని.